తాళం జేబులోనే ఉన్నా కారుకు కనిపించనప్పుడు

బటన్ నొక్కితే స్టార్టయ్యే కార్లలో తాళం చెవిని ఎక్కడా దూర్చి తిప్పనక్కర్లేదు. స్మార్ట్ కీ జేబులోనో హ్యాండ్‌బ్యాగులోనో ఉంటే సరిపోతుంది. ఆ కీ లోపలే ఉందని నిర్ధారించుకున్నాకే కారు ఇంజిన్‌ను స్టార్ట్ కానిస్తుంది. నిర్ధారణ కుదరకపోతే స్పీడోమీటర్ పక్కనున్న తెర మీద Key not detected అని వస్తుంది. ఈ మాట చూసి ఇంజిన్ పాడైందేమోనని బెదిరిపోయేవాళ్లు చాలామంది. నిజానికి ఇంజిన్‌కూ ఈ మాటకూ సంబంధం లేదు. కారు పిలిచింది, కీ పలకలేదు, అంతే. పలకకపోవడానికి తరచుగా కనిపించే కారణం కీ లోపలి చిన్న బటన్ సెల్ నీరసించడం.

కారుకూ కీకీ మధ్య ఈ పలకరింపు రెండు రకాల తరంగాల మీద నడుస్తుంది. డ్రైవర్ స్టార్ట్ బటన్ నొక్కగానే కారు లోపల అక్కడక్కడా అమర్చిన యాంటెన్నాలు 125 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఒక పిలుపు పంపుతాయి. ఇది మీటరో రెండు మీటర్లో దాటి పోదు. కీ బయట ఉందా, లోపల ఉందా అన్నది కారు తేల్చుకునేది ఈ తక్కువ దూరం వల్లే. పిలుపు అందిన కీ తన రహస్య సంకేతాన్ని మరో పౌనఃపున్యం మీద, సాధారణంగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర, తిరిగి పంపుతుంది. పిలుపు కోసం చెవి ఒగ్గి ఉండటానికి కీకి కావలసిన కరెంటు అతి స్వల్పం. జవాబు పంపే క్షణంలో మాత్రం అంతకు ఎన్నో రెట్లు కావాలి. పాతబడిన సెల్ తడబడేది ఆ క్షణంలోనే.

సెల్‌ను మల్టీమీటర్‌తో చూస్తే దాదాపు 3 వోల్టులు చూపించినా నమ్మలేం. ఏ పనీ చెప్పనప్పుడు తీసిన లెక్క అది. సెల్ పాతబడేకొద్దీ దాని అంతర్గత నిరోధం పెరుగుతుంది. దాంతో కీ జవాబు పంపబోయేసరికి వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది. చలి ఎక్కువైతే ఇంకా పడిపోతుంది. పొద్దున మొరాయించిన కీ మధ్యాహ్నం మామూలుగా పనిచేసి యజమానిని అయోమయంలో పడేసేది ఇందువల్లే.

సెల్ పూర్తిగా చచ్చిపోయినా కారు స్టార్టయ్యే దారి ఒకటి ఉంది. స్మార్ట్ కీలో రేడియోతో పాటు చిన్న ట్రాన్స్‌పాండర్ చిప్ కూడా ఉంటుంది. దానికి సెల్ అవసరం లేదు. దగ్గరగా పెట్టినప్పుడు కారులోని తీగచుట్ట పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే కావలసిన శక్తి తీసుకుని తన సంకేతాన్ని చెబుతుంది. దూర్చి తిప్పే తాళాల పిడిలో ఉండే చిప్ పనిచేసేదీ ఇలాగే. చిక్కల్లా దూరంతోనే. ఈ పద్ధతి కొన్ని సెంటీమీటర్లకు మించి పనిచేయదు కాబట్టి కీని సరిగ్గా ఆ తీగచుట్ట ఉన్న చోటే ఆనించాలి.

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తెల్లవారుజామున మాన్యువల్ గేర్ హ్యుందాయ్ కారు దగ్గర ఇదే జరిగిందనుకుందాం. అన్‌లాక్ నొక్కితే ఇండికేటర్లు మిణుకుమనలేదు. అప్పుడు కీ వెనుకో పక్కనో ఉండే చిన్న మీటను జరిపితే లోపల దాగిన లోహపు తాళం చెవి బయటికొస్తుంది. డ్రైవర్ తలుపు హ్యాండిల్ దగ్గర దానికి రంధ్రం ఉంటుంది. కొన్ని మోడళ్లలో అది ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది కాబట్టి వెతికినా కనపడకపోవచ్చు. రిమోట్‌తో లాక్ చేసిన కారును ఇలా తెరిస్తే సైరన్ మోగే అవకాశం ఉంది. సెల్లార్‌లో ఆ గోలకు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చినా ఆశ్చర్యం లేదు. ఇంజిన్ స్టార్టయితే అది ఆగిపోతుంది.

లోపల కూర్చున్నాక గేరు న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ పూర్తిగా తొక్కాలి. ఆటోమేటిక్ అయితే బ్రేకు. మామూలుగా బటన్ నొక్కితే కీ కనపడలేదన్న మాటతో పాటు Press START button with key అన్న సూచన కూడా రావచ్చు. ఆ సూచనను ఉన్నదున్నట్టు పాటించాలి. వేలితో కాకుండా కీతోనే బటన్‌ను నొక్కాలి. లెదర్ కవరు, లోహపు కీచెయిన్, పక్కనే వేలాడే రెండో కీ ఉంటే ముందు తీసేయడం మంచిది. ఇంజిన్ అందుకుంటుంది.

అన్ని కంపెనీలకూ ఒకటే పద్ధతి కాదు. టొయోటా కార్లలో కీ మీద కంపెనీ గుర్తున్న వైపును బటన్‌కు తాకిస్తే బజర్ మోగుతుంది, ఆ తర్వాత బటన్ నొక్కాలి. మరికొన్ని కార్లలో ఆ చోటు బటన్ దగ్గర కాక స్టీరింగ్ కింది గొట్టం మీదో, సీట్ల మధ్య పెట్టె అడుగునో, కప్పు పెట్టుకునే గుంటలోనో ఉంటుంది. ఓనర్స్ మాన్యువల్‌లో ఈ పేజీని ముందే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే చీకట్లో తడుముకునే బాధ తప్పుతుంది.

ఒకసారి స్టార్టయిన ఇంజిన్, కీ కనిపించనంత మాత్రాన దారిలో ఆగదు. భద్రత కోసం అలా ఏర్పాటు చేశారు. ఆ సౌకర్యంలోనే ఒక ఇరకాటం ఉంది. నడుస్తున్న కారులోంచి భార్య రైల్వే స్టేషన్ దగ్గర దిగిపోయి, కీ ఆమె బ్యాగులోనే ఉండిపోతే, భర్త బీప్ శబ్దాన్ని పట్టించుకోకుండా ఇంటిదాకా రాగలడు. మళ్లీ స్టార్ట్ చేయడం మాత్రం అతని వల్ల కాదు. సెల్ నీరసించిన కీతో బయల్దేరినవాళ్లకూ పెట్రోల్ బంకులో ఇంజిన్ ఆపితే ఆనించే తతంగం మొదటికొస్తుంది.

తప్పు సెల్‌దేనా అని తేల్చడానికి ఇంట్లోని రెండో కీ తెస్తే సరిపోతుంది. అది పనిచేస్తే మొదటి కీ సెల్ మార్చాలి. రెండూ పనిచేయకపోతే చుట్టుపక్కల చూడాలి. సాకెట్‌లో గుచ్చిన నాసిరకం ఛార్జర్, డ్యాష్‌క్యామ్, కీని ఆనుకుని ఉన్న ఫోన్ తరంగాలకు అడ్డు తగలగలవు. వాటిని తీసేసి ప్రయత్నించాలి. డ్యాష్‌బోర్డు మీదో గ్లవ్ బాక్స్‌లోనో పెట్టిన కీని కూడా కొన్ని కార్లు గుర్తించవు. బటన్ నొక్కినప్పుడు లైట్లు మసకబారి టకటకమన్న చప్పుడు వస్తే, నీరసించింది కారు 12 వోల్టుల బ్యాటరీ. దానికి కీని ఎంత ఆనించినా లాభం లేదు, జంపర్ కేబుల్ కావాలి.

చాలా కీలలో వాడేది CR2032 సెల్. అంకెల్లోనే కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. CR2025 అదే వెడల్పుతో 2.5 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది కాబట్టి వదులుగా కూర్చుని, కుదుపుకు కాంటాక్ట్ పోతుంది. అందుకే పాత సెల్ మీది నంబర్ చదివాకే కొత్తది కొనాలి. లోహపు తాళం తీసిన చీలికలో గుడ్డ చుట్టిన చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే చాలా కీలు రెండు చిప్పలుగా విడతాయి. పాత సెల్ ఏ వైపు పైకుందో చూసి, కొత్తది అలాగే పెట్టాలి. పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన సెల్స్ కొన్ని కీలలో సరిగా పనిచేయవు, అప్పుడు పూత లేనివి వాడాలి. తీసిన సెల్‌ను మాత్రం పసిపిల్లలకు అందనివ్వకూడదు. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేయగలదు.

కీ రహస్య సంకేతం సెల్ తీసినా చెరిగిపోని మెమరీలో ఉంటుంది కాబట్టి సాధారణంగా మళ్లీ ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. కొత్త సెల్ వేసినా దూరం నుంచి లాక్ పడకపోతే ముందు సెల్ తిరగబడిందేమో, లోపలి రేకు వంగిందేమో చూడాలి. రిమోట్ లాక్ పనిచేస్తూ స్టార్ట్ మాత్రమే కాకపోతే, కీని ఆనించినా ఫలితం లేకపోతే, లోపం కారులోని యాంటెన్నాలోనో ఇమ్మొబిలైజర్‌లోనో ఉండవచ్చు. అది స్కానర్ ఉన్న సర్వీస్ సెంటర్‌లో తేలాల్సిన పని.