కళ్లజోడు ఎప్పుడు కనపడాలి?

సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలీ’ తీయడానికి నిర్మాతల కోసం తిరిగిన రోజుల్లో ఆయన చేతిలో పద్ధతిగా రాసిన స్క్రిప్టు లేదు, బొమ్మల పుస్తకం ఉంది. ప్రకటనల సంస్థలో చిత్రకారుడిగా పనిచేసిన రాయ్ ఒక్కో దృశ్యాన్నీ చిన్న చిన్న చతురస్రాల్లో గీసుకున్నారు. తెలుగులో బాపు కూడా అంతే. కుంచె పట్టిన చేత్తోనే షాట్లు గీసుకుని సెట్‌కు వచ్చేవారు. దీన్నే స్టోరీబోర్డు అంటారు. అందులోని బొమ్మలను ఒక్కొక్కటిగా రాసి, ఏది ఎప్పుడు తీయాలో తేల్చుకునే పట్టికే షాట్ లిస్టు.

ఇద్దరూ చేయి తిరిగిన చిత్రకారులు కాబట్టి, బొమ్మలు రాని వాళ్లకు ఈ పని పట్టుబడదన్న భయం చాలామందికి ఉంటుంది. నిజానికి గుండ్రటి తల, దాని కింద నాలుగు గీతలు, ముక్కు ఎటు ఉందో చెప్పే చిన్న గుర్తు ఉంటే చాలు. ఈ బొమ్మ అందం కోసం కాదు; ఫ్రేములో ఏం కనపడుతుంది, ఏం కనపడదు అన్నది తేల్చుకోవడానికి.

నాలుగు నిమిషాల కథ ఒకటి తీసుకుందాం. పల్లెటూరి ఇంటి వసారా, ఉదయం. తాతయ్య పడక్కుర్చీలో కూర్చుని అమ్మమ్మకు పేపరు చదివి వినిపిస్తున్నాడు. అమ్మమ్మ ఎదురుగా పీట మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. సెలవులకు వచ్చిన పదేళ్ల మనవరాలు మంచినీళ్లకు వంటింట్లోకి వెళ్తుంది. అక్కడ కిటికీలో తాతయ్య కళ్లజోడు ఉంటుంది. బయట ఆయన గొంతు మాత్రం ఆగకుండా వార్తలు చదువుతూనే ఉంటుంది. అంటే తాతయ్య వార్తలు అల్లుతున్నాడు! పిల్ల తిరిగి వచ్చి, “ఇటివ్వు తాతయ్యా, ఇవాళ నేను చదువుతాను” అంటుంది. అమ్మమ్మ తలెత్తకుండానే చిన్నగా నవ్వుతుంది. ఆమెకు ఎప్పుడో తెలుసు.

స్క్రిప్టులో దీనికి రెండు పేజీలు చాలు. చదివితే లోటేమీ కనపడదు. మొదటి బొమ్మ గీయగానే చిక్కు బయటపడుతుంది. వసారా మొత్తం కనిపించేలా ఎదురుగా కెమెరా పెడితే తాతయ్య ముఖం కనపడుతుంది, ఆ ముఖానికి కళ్లజోడు లేదన్నదీ కనపడుతుంది. కథ మొదటి షాట్‌లోనే అయిపోయినట్టు. కాబట్టి కిటికీలో కళ్లజోడు చూపేదాకా ఆయన కళ్లు ఎక్కడా కనపడకూడదు. మొదటి షాట్ కుర్చీ వెనక నుంచి తీయాలి, రెండో షాట్‌లో ముఖానికి పేపరు అడ్డం ఉండాలి. ఈ సంగతి షూటింగ్ రోజున కెమెరా పెట్టాక తెలిస్తే, అప్పటికే తీసినవన్నీ మళ్లీ తీయాలి. కాగితం మీదైతే రబ్బరుతో చెరిపేస్తే సరిపోతుంది.

అలా గీసుకుంటూ పోతే పన్నెండు షాట్లు తేలతాయి:

1. కుర్చీ వెనక నుంచి వసారా అంతా: తాతయ్య వీపు, అమ్మమ్మ, మెట్ల మీద పిల్ల.
2. ఎదురుగా తాతయ్య, ముఖానికి అడ్డంగా పేపరు.
3. అమ్మమ్మ, చేతుల్లో చిక్కుడుకాయలు.
4. ఒకటో షాట్ చోటి నుంచే: పిల్ల లేచి లోపలికి వెళ్తుంది.
5. వంటింట్లో పిల్ల నీళ్లు తాగుతుంది. బయటి నుంచి గొంతు.
6. పిల్ల క్లోజప్, చూపు ఒకచోట ఆగుతుంది.
7. కిటికీలో కళ్లజోడు.
8. మళ్లీ పిల్ల క్లోజప్. గొంతు వస్తున్న వైపు తల తిప్పుతుంది.
9. గుమ్మంలోంచి ఆమెకు కనిపించే తాతయ్య వీపు.
10. తాతయ్య క్లోజప్, పేపరు కిందికి దిగింది, చూపు ఎటో ఉంది.
11. పిల్ల వచ్చి పేపరు అందుకుంటుంది, ముగ్గురూ ఫ్రేములో.
12. అమ్మమ్మ క్లోజప్, నవ్వు.

ఒక్కో బొమ్మలో మనిషి కదలికకు ఫ్రేము లోపల, కెమెరా కదలికకు ఫ్రేము బయట బాణం గుర్తు పెట్టుకుంటే రెండూ కలగాపులగం కావు. ఫోన్‌ నిలువుగా పట్టుకుని చూసే వీడియో అయితే గళ్లు కూడా నిలువుగానే గీయాలి. అప్పుడు ముగ్గురూ ఉండే పదకొండో షాట్ పక్కపక్కన కుదరదని, కింద ఒకరు, పైన ఒకరుగా కూర్చోబెట్టాలని ముందే తెలుస్తుంది.

పక్కనే ఇంటి ప్లాను ఒకటి పైనుంచి చూసినట్టు గీసి, కెమెరా ఎక్కడెక్కడ నిలబడుతుందో గుర్తించాలి. తాతయ్యకూ అమ్మమ్మకూ మధ్య ఒక ఊహా గీత ఉందనుకోండి. కెమెరా ఆ గీతకు వీధి వైపే ఉన్నంతసేపూ తెరమీద తాతయ్య ఎడమ పక్క, అమ్మమ్మ కుడి పక్క ఉంటారు. గీత దాటి ఇంటి వైపు వస్తే ఇద్దరూ తారుమారవుతారు. సినిమా వాళ్లు ‘లైన్ క్రాస్ అయింది’ అనేది దీన్నే. తొమ్మిదో షాట్ గుమ్మంలోంచి కాబట్టి సరిగ్గా అదే జరుగుతుంది. దానికి విరుగుడు కూడా ప్లానులోనే దొరుకుతుంది: ఆ షాట్‌లో అమ్మమ్మను ఫ్రేములోకి రానివ్వకుండా తాతయ్య వీపు ఒక్కటే చూపిస్తే, తారుమారు కావడానికి రెండో మనిషే ఉండదు.

ఇక షాట్ లిస్టు. బొమ్మలు కథ వరసలో ఉంటాయి, షూటింగ్ ఆ వరసలో సాగదు. పన్నెండు షాట్లున్నా కెమెరా నిలబడే చోట్లు ఏడే. ఒకటి, నాలుగు ఒకేచోట. రెండు, పది ఒకేవైపు నుంచి. పదో దానికి కాస్త దగ్గరికి జరిగితే చాలు. మూడు, పన్నెండు కూడా అంతే. వంటింట్లో ఐదు, ఆరు, ఎనిమిది ఒకచోట, కళ్లజోడు ఇంకోచోట. గుమ్మం ఒకటి, ముగ్గురి షాట్ ఒకటి. ఫోన్, ట్రైపాడ్‌తో తీసే చిన్న బృందానికి ఒక్కో చోటికి అరగంట వేసుకుంటే మూడున్నర గంటల పని.

వసారా తూర్పు ముఖమైతే ఏటవాలు ఎండ తొమ్మిదిన్నర దాకా బాగుంటుందనుకుందాం. వసారాలోని ఐదు చోట్లూ ఏడింటికి మొదలుపెట్టి అప్పటికి ముగించాలి. వంటింటిని ఆ తర్వాత చూసుకోవచ్చు. వసారాలో ముందు వెడల్పాటి షాట్లు, తర్వాత క్లోజప్‌లు తీస్తారు. ఎండ కాస్త మారినా క్లోజప్‌లో అట్టముక్కతో వెలుగు సర్దుకోవచ్చు, వసారా మొత్తానికి ఆ పని చేయలేం.

ఇలా వరస మార్చినప్పుడు వచ్చే ఇబ్బంది వస్తువులతోనే. మూడో షాట్, పన్నెండో షాట్ వెంట వెంటనే తీస్తారు, కథలో మాత్రం వాటి మధ్య నిమిషాలు గడిచాయి. మొదటిదానిలో గిన్నెలో నాలుగు గింజలుంటే రెండోదానిలో సగం నిండాలి. అందుకే లిస్టులో షాట్ నంబరు, సైజు, కెమెరా చోటు, ఏం జరుగుతుంది అన్న గడులతో పాటు వస్తువులకు ఒక గడి ఉండాలి. శబ్దానికీ ఒకటి కావాలి. వంటింటి షాట్లలో వినపడే తాతయ్య గొంతును విడిగా, పూర్తి నిడివితో రికార్డు చేయాలని అందులో రాయకపోతే, ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చున్నాక గానీ గుర్తురాదు.

షూటింగ్‌కు ముందు ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. బొమ్మలను ఫోన్లో ఫొటోలు తీసి, ఎడిటింగ్ యాప్‌లో వరసగా పేర్చి, మాటలు రికార్డు చేసి జత చేస్తారు. కథ తెలియని మనిషికి చూపిస్తారు. తాతయ్య చదవడం లేదన్న సంగతి ఏ బొమ్మ దగ్గర అర్థమైందో అడుగుతారు. ఏడు అంటే సరే. రెండు అంటే పేపరు చాలినంత అడ్డం లేదన్నమాట. చివరిదాకా అర్థం కాలేదంటే ఏడో షాట్ తెరమీద మరికాసేపు నిలవాలి. అయితే నటన ఎంతసేపు నిలవాలో బొమ్మ చెప్పలేదు. అమ్మమ్మ నవ్వు రెండు సెకన్లా, ఐదు సెకన్లా అన్నది కెమెరా ముందే తేలాలి.

చివరగా, లిస్టులో ఏడు, పది, పన్నెండు షాట్ల పక్కన నక్షత్రం గుర్తు పెట్టాలి. అవి లేకపోతే కథ లేదు. మూడు, తొమ్మిది పక్కన ‘టైముంటేనే’ అని రాసుకోవాలి. తొమ్మిదింటికి మబ్బు పట్టి, ఇంకా రెండు చోట్లు మిగిలి ఉన్నాయంటే, ఏది వదలాలో అప్పటికప్పుడు వాదించుకోనక్కర్లేదు.