లాభం ఉంది, చేతిలో డబ్బు లేదు

ఒక ఊళ్లో ఒకామె అప్పడాలు చేసి అమ్మాలనుకుంది. చేతిలో 20,000 రూపాయలు ఉన్నాయి. సాయానికి ఇద్దరు ఆడవాళ్లను కూలికి పెట్టుకుంది.

వారం ఖర్చు ఇలా ఉంది. మినప్పప్పుకు 3,600 రూపాయలు. మిరియాలు, జీలకర్ర, నూనె, సంచులకు 1,400. కూలికి 3,000. అన్నీ కలిపితే 8,000. వారానికి తయారైన అప్పడాలు 10,000 రూపాయలకు అమ్ముడవుతాయి. అంటే వారానికి 2,000 రూపాయల లాభం. బేరం బాగానే ఉంది.

పట్నంలో కిరాణా కొట్టు షావుకారు సరుకు చూశాడు. "అమ్మా, ప్రతి వారం సరుకు వెయ్యి. డబ్బు నాలుగు వారాల తర్వాత ఇస్తాను" అన్నాడు. "సరేనండి" అంది ఆమె. కానీ పప్పు కొట్టువాడు ఆమెకు అరువు ఇవ్వడు. రొక్కం ఇస్తేనే పప్పు. కూలి కూడా ఏ వారానికి ఆ వారం ఇవ్వాల్సిందే.

ఇప్పుడు ఆమె చేతిలో డబ్బు ఏమైందో చూడండి.

మొదటి వారం 8,000 ఖర్చయింది. మిగిలింది 12,000.
రెండో వారం 8,000 ఖర్చయింది. మిగిలింది 4,000.
మూడో వారం 8,000 కావాలి. ఉన్నది 4,000.

పని ఆగిపోయింది. ఇంటి ఖర్చుకు ఆమె ఇందులోంచి ఒక్క రూపాయి కూడా తీయలేదు. తీసి ఉంటే ఇంకా ఇబ్బంది పడేది.

డబ్బు ఎక్కడికి పోయింది?

డబ్బు పోలేదు. షావుకారు దగ్గర 20,000 బాకీ ఉంది. చేతిలో 4,000 ఉంది. మొత్తం 24,000. మొదట పెట్టింది 20,000. అంటే 4,000 లాభం వచ్చిన మాట నిజమే. కానీ ఆ లాభం బాకీలో ఉంది. బాకీ చూపిస్తే పప్పు రాదు. కూలివాళ్లకు బాకీ పంచిపెట్టలేము.

అమ్మిన ధరలోంచి ఖర్చు తీసేస్తే మిగిలేది లాభం. సరుకు అమ్మిన రోజే దాన్ని లెక్క వేస్తారు. డబ్బు చేతికి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అనేది రొక్కం లెక్క. ఈ రెండూ వేరు వేరు. అందుకే రెండు లెక్కలూ రాసుకోవాలి.

ఈ అరువు మీద పని ఆగకుండా సాగాలంటే నాలుగు వారాల ఖర్చు ముందే చేతిలో ఉండాలి. అంటే 32,000. అయిదో వారం నుంచి పాత బాకీ వారానికి 10,000 చొప్పున వస్తుంది. అప్పుడు ఖర్చు పోను 2,000 చేతిలో మిగులుతుంది.

బేరం పెరిగితే?

పని సాఫీగా నడుస్తోంది అనుకోండి. షావుకారు రెట్టింపు సరుకు అడిగాడు. లాభం 4,000 అవుతుందని ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ ఇప్పుడు వారం ఖర్చు 16,000. వచ్చేది పాత సరుకు డబ్బు 10,000 మాత్రమే. వారానికి 6,000 తక్కువ. నాలుగు వారాలకు 24,000 తక్కువ పడుతుంది. ఆ డబ్బు చేతిలో లేకుండా ఒప్పుకుంటే వడ్డీకి అప్పు తేవాలి. లాభం వడ్డీకి పోతుంది. బాగా నడిచే బేరాలు కూడా ఇలాగే మూతపడతాయి.

ఏం చేయాలి?

సగం సరుకుకు రొక్కం అడగవచ్చు. రొక్కానికి షావుకారు వందకు రెండు రూపాయలు తగ్గించమన్నాడు అనుకోండి. 5,000కు 4,900 వస్తాయి. వారం లాభం 1,900 అవుతుంది. కానీ చేతిలో డబ్బు వారానికి 3,100 మాత్రమే తగ్గుతుంది. 20,000తో మొదలుపెట్టినా నాలుగు వారాలు గడిచాక 7,600 మిగిలి ఉంటుంది. తర్వాత పాత బాకీ రావడం మొదలవుతుంది. వంద రూపాయల లాభం తగ్గింది. కానీ పని ఆగలేదు.

షావుకారు అసలు డబ్బే ఇవ్వకపోతే? ఒక్క వారం బాకీ మునిగినా దానికి పెట్టిన 8,000 ఖర్చు పోయినట్టే. అది పూడాలంటే మరో నాలుగు వారాల లాభం కావాలి. అందుకే పాత బాకీ గడువుకు రాకపోతే కొత్త సరుకు వేసే ముందు ఆలోచించాలి.

ప్రతి వారం పుస్తకంలో నాలుగు అంకెలు రాయండి. వారం మొదట చేతిలో ఉన్నది, వచ్చింది, పోయింది, మిగిలింది. పక్కన రావలసిన బాకీ రాయండి. రాబోయే నాలుగు వారాలకు కూడా ముందే వేసి చూడండి. ఏ వారం డబ్బు చాలదో అప్పుడే తెలుస్తుంది.

మీరే లెక్క వేయండి

ఒకతను వారానికి 5,000 ఖర్చు పెట్టి చేసిన బుట్టలు 6,000కు అమ్ముతాడు. అరువు మూడు వారాలు. మొదట చేతిలో 12,000 ఉంది. పని ఏ వారం ఆగుతుంది? ఎంత తక్కువ పడుతుంది?

(జవాబు: మూడో వారం. 3,000 తక్కువ.)