చుక్క చోట కామా పడితే

జర్మనీలో పన్నెండున్నర యూరోలను 12,50 అని రాస్తారు. మనం పైసల ముందు పెట్టే చుక్క చోట వాళ్లు కామా పెడతారు, వేలను విడదీయడానికేమో చుక్క వాడతారు. అక్కడ 1.250 అంటే పన్నెండు వందల యాభై. ఇందులో తప్పొప్పుల పంచాయితీ లేదు. దశాంశానికి చుక్కైనా కామా అయినా వాడవచ్చని తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభే 2003లో తీర్మానించింది.

చిక్కు కంప్యూటర్ దగ్గర వస్తుంది. హైదరాబాద్ నుంచి బెర్లిన్‌కు చదువుకోను వెళ్లిన అమ్మాయి, అక్కడి వెబ్ ఫారంలో అలవాటు కొద్దీ 12.50 అని కొట్టిందనుకుందాం. ప్రోగ్రాం జర్మన్ పద్ధతిలో చదువుతోంది. సి షార్ప్ భాషలో అయితే జరిగేది ఇదీ:

```
double.Parse("12.50", new CultureInfo("de-DE"))   // 1250
```

చుక్కను వేల గుర్తు అనుకుని తీసి పారేసింది. దాని తర్వాత మూడంకెలు ఉన్నాయో లేదో కూడా చూడలేదు. పన్నెండున్నర కాస్తా నూరింతలైంది, ఎక్కడా ఎర్ర అక్షరాల హెచ్చరిక రాలేదు. జావాస్క్రిప్ట్ మరోలా దెబ్బ తీస్తుంది. అది చుక్కనే దశాంశంగా గుర్తిస్తుంది, కామా కనబడగానే చదవడం ఆపేస్తుంది:

```
parseFloat("12,50")      // 12
parseFloat("1,25,000")   // 1
```

రెండో వరుస మన లెక్క. లక్షా పాతిక వేలు ఒక్క రూపాయిగా మిగిలింది! వీటి పక్కన పైథాన్ మొండితనమే నయం. దాని float కామా కనబడితే విలువ ఇవ్వదు, తప్పు ఉందని చెప్పి ఆగిపోతుంది. ఆగిన ప్రోగ్రామును ఆ రోజే ఎవరో ఒకరు బాగుచేస్తారు. తప్పు విలువ మాత్రం చడీచప్పుడు లేకుండా ఖాతాలోకి వెళ్లి కూర్చుంటుంది.

కామాలన్నిటినీ చుక్కలుగా మార్చేస్తే సరిపోతుందని కొందరు చేసే చిట్కా వైద్యం పనికిరాదు. జర్మన్ లెక్క 1.250,75ను అలా మారిస్తే రెండు చుక్కలొస్తాయి. వాడుకరి ఏ దేశపు పద్ధతిలో రాస్తున్నాడో ప్రోగ్రాముకు ముందే తెలియాలి. వేల గుర్తు తర్వాత సరిగ్గా మూడంకెలు లేకపోతే తిరస్కరించాలి. అప్పుడు 12.50 గడప దగ్గరే ఆగిపోతుంది. మన అంకెలకు ఈ నియమం చాలదు, లక్షలకు రెండేసి అంకెల విభజన కూడా తెలిసుండాలి.

ఇంత చేసినా ఒక సందు మిగులుతుంది. జర్మనీలో పెట్రోలు ధరను 1,759 యూరోలు అన్నట్టు మూడు దశాంశాలతో రాస్తారు. అదే అమ్మాయి 1.759 అని కొడితే మూడంకెల నియమం కూడా దాన్ని నిక్షేపంగా ఒప్పుకుంటుంది, లీటరు పదిహేడు వందల యాభై తొమ్మిది యూరోలవుతుంది. ఇక్కడ వ్యాకరణం చేతులెత్తేస్తుంది. పెట్రోలు అంత ధర ఉండదని ప్రోగ్రాముకు ఒక హద్దు చెప్పి ఉంచాలి, చదివిన విలువను అక్షరాల్లో చూపించి “ఇదేనా?” అని అడగాలి.