ఆఫీసు కుర్తీతోనే డిన్నర్‌కి!

మధ్యాహ్నం మూడింటికి గ్రూప్‌లో మెసేజ్. క్లయింట్లు ఊళ్లో ఉన్నారు, రాత్రి ఏడున్నరకి జూబ్లీహిల్స్‌లో డిన్నర్, టీమంతా రావాలి. మీ ఆఫీసేమో రాయదుర్గంలో, హాస్టల్ ఉప్పల్‌లో. వెళ్లి బట్టలు మార్చుకుని రావాలంటే మెట్రోలో కూర్చునే సమయమే రానూపోనూ రెండు గంటలకు దగ్గర. ఆరింటికి సీట్లోంచి లేచినా కుదరదు. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే అయింది కాబట్టి రానని చెప్పడానికి మొహమాటం. ఒంటిమీద చూస్తే పొద్దున హడావుడిగా వేసుకున్న కుర్తీ.

ఇలాంటి రోజు కొందరు దగ్గర్లోని మాల్‌కి పరిగెత్తి ఏదో ఒక డ్రెస్ కొనేస్తారు. జీతంలో ఓ ముక్క ఎగిరిపోతుంది. కంగారులో కొన్న ఆ డ్రెస్‌ని మళ్లీ వేసుకున్నవాళ్లని నేనైతే పెద్దగా చూడలేదు. అసలు మార్చాల్సింది డ్రెస్ కాదు. డిన్నర్‌లో మీరు ఎక్కువసేపు కుర్చీలోనే ఉంటారు. ఎదుటివాళ్లకు కనిపించేది టేబుల్ పైన ఉన్నంతవరకే. ముఖం, మెడ, భుజాలు, చేతులు. ఆ భాగంలో రెండు మూడు వస్తువులు మారిస్తే మిగతాది ఎవరూ పట్టించుకోరు. కాకపోతే ఆ మార్పు పని చేయాలంటే పొద్దున వేసుకున్న కుర్తీ దానికి సహకరించాలి.

సహకరించే కుర్తీ ఎలా ఉంటుంది? ఒకే రంగులో, ప్రింట్ లేకుండా, కాస్త ముదురు రంగులో ఉంటుంది. బాటిల్ గ్రీన్, మెరూన్, వంకాయ రంగు లాంటివి. చిన్న చిన్న పూల ప్రింట్ కుర్తీ మీద ఎంత మంచి చున్నీ వేసినా రెండూ పోట్లాడుకుంటాయి. నలుపు సురక్షితం అనుకుంటాం గానీ కాటన్ నలుపు పది పదిహేను ఉతుకులకే గోధుమ ఛాయలోకి వెళ్తుంది. విడిగా చూస్తే తెలియదు. పక్కన కొత్త చున్నీ పడగానే వెలిసిపోయినట్టు బయటపడుతుంది.

బట్ట సంగతీ చూసుకోవాలి. పల్చటి కాటన్, లినెన్ మధ్యాహ్నానికే ఒళ్లో ముడతలు పడతాయి. క్రేప్ అయితే సాయంత్రానికి కూడా దాదాపు పొద్దున ఉన్నట్టే ఉంటుంది. కాటనే వేసుకొచ్చారా? చేతులు తడి చేసుకుని ముడతల మీద రాసి, బట్టని రెండు వైపులా లాగి పట్టుకుని వాష్‌రూమ్‌లో చేతులారబెట్టుకునే మెషీన్ ముందు రెండు నిమిషాలు నిలబడండి. ఇస్త్రీ అంత కాకపోయినా చాలావరకు సర్దుకుంటుంది. పట్టు కలిసిన బట్టకి మాత్రం ఈ పని చేయొద్దు, నీటి మరకలు పడతాయి.

ఇంకో విషయం వెలుతురు. ఆఫీసులో తెల్లటి లైట్లు. డిన్నర్ చోట సాధారణంగా పసుపు ఛాయ లైట్లు, అవీ మసకగా. ఆ వెలుతురులో ఎరుపు, ఆవపిండి రంగు, బంగారు అంచు నిండుగా కనిపిస్తాయి. నేవీ బ్లూ నలుపులా కనిపిస్తుంది, లావెండర్ వెలవెలబోతుంది. అందుకే వాష్‌రూమ్ అద్దంలో చాల్లేదనిపించిన లిప్‌స్టిక్ అక్కడికెళ్లాక సరిపోతుంది. అద్దం మాట నమ్మి ఇంకో రెండు కోట్లు వేస్తే ఎక్కువైపోతుంది. ఇంట్లో పసుపు బల్బు ఉంటే ఏదో ఒక రాత్రి ఆ చున్నీ, ఆ లిప్‌స్టిక్ దాని కింద ఓసారి చూసుకోండి. ఆ తర్వాత ఆఫీసు అద్దంతో పని లేదు.

ఇక అసలు మార్పు. పైన చెప్పిన అమ్మాయినే తీసుకుందాం. బాటిల్ గ్రీన్ క్రేప్ కుర్తీ, క్రీమ్ రంగు స్ట్రెయిట్ ప్యాంట్, రెండు భుజాల మీదా వేసుకున్న ప్రింటెడ్ కాటన్ చున్నీ, చిన్న దిద్దులు, ఫ్లాట్ చెప్పులు, వీపున ల్యాప్‌టాప్ బ్యాగు. డెస్క్ కింద డ్రాయర్‌లో ఓ గుడ్డ సంచి ఉంది. అందులో ఆవపిండి రంగు పోచంపల్లి ఇక్కత్ పట్టు చున్నీ, ఓ జత వెండి రంగు బుట్టకమ్మలు, లిప్‌స్టిక్, నాలుగు పిన్నీసులు, చిన్న పర్సు, రెండంగుళాల బ్లాక్ హీల్స్. చున్నీని మడతపెట్టకుండా చపాతీ కర్రలా చుట్టి పెట్టింది. మడత పెడితే నెలల తరబడి ఉన్న ఆ గీతలు భుజం మీద అడ్డంగా కనిపిస్తాయి.

ఆరింటికి లేచిందనుకోండి. ఇరవై నిమిషాలు చాలు, కానీ ఏది ముందు, ఏది వెనక అన్నది ముఖ్యం. ఐదింటికే మెడలోంచి ఐడీ ట్యాగ్ తీసేసింది. రోజంతా ఆ తాడు ఒత్తుకున్న చోట కాలర్ నలిగి ఉంటుంది, అది సర్దుకోవడానికి కాస్త సమయం కావాలి. వాష్‌రూమ్‌లో మొదట ముఖం, మెడ, చంకలు తుడుచుకోవడం. చెమట మీదే డియోడరెంట్ కొడితే రెండు వాసనలూ కలిసి మూడోది వస్తుంది. ఆ తర్వాతే సెంటు, అదీ మణికట్టు మీద, మెడ మీద. ఒక నిమిషం ఆరనిచ్చాకే చున్నీ. పట్టు మీద నేరుగా కొడితే మచ్చ పడుతుంది, జరీ ఉంటే నల్లబడే ప్రమాదం కూడా ఉంది.

ముఖానికి కొత్తగా పౌడర్ అద్దకూడదు. పొద్దుటి పౌడర్, జిడ్డు, దుమ్ము కలిసి ఉన్న చోట కొత్తది ముద్దలా అంటుకుంటుంది. ముందు టిష్యూతో నుదురు, ముక్కు, గడ్డం ఒత్తాలి. రుద్దకూడదు. కరిగి కిందికి జారిన కాటుకను తడి చేసిన టిష్యూ కొనతో తుడిచి మళ్లీ పైన సన్నగా గీసుకుంటే కళ్ల పని అయిపోయినట్టే. పొద్దుటి నుంచి పోనీటెయిల్ వేసుంటే జుట్టు విరబోయకండి, రబ్బర్ బ్యాండ్ కట్టిన చోట వంపు అలాగే నిలబడి ఉంటుంది. దాన్నే కాస్త కిందికి దించి మెడ దగ్గర ముడి వేస్తే ఆ వంపు లోపల దాగిపోతుంది, బుట్టకమ్మలూ కనిపిస్తాయి.

ఇప్పుడు చున్నీ. రెండు భుజాల మీద వేసుకుంటే ఎంత ఖరీదైనదైనా కాలేజీ యూనిఫాంలా ఉంటుంది. ఒక్క భుజం మీద వదలండి, ఎడమ భుజం మీద. కుడిచేత్తో తినాలి కదా! భుజం దగ్గర లోపలి వైపు నుంచి ఒక్క పిన్నీసు పెడితే వంగి వడ్డించుకున్నా జారదు. పిన్నీసు పెట్టేటప్పుడు చున్నీ ఒక్క పొరని కాకుండా మూడు నాలుగు మడతలు కలిపి గుచ్చండి. ఒక్క పొరకే గుచ్చితే బరువంతా అక్కడే పడి పట్టు చిరుగుతుంది. కమ్మలు ఆ తర్వాతే పెట్టుకోవాలి. ముందే పెట్టుకుంటే చున్నీ వేసేటప్పుడు దారాలు చిక్కుకుంటాయి. లిప్‌స్టిక్ ఆఖరున. హీల్స్ మాత్రం క్యాబ్ దిగే ముందు. ల్యాప్‌టాప్ బ్యాగు డ్రాయర్‌లో పెట్టి తాళం వేసి, ఫోన్, కార్డు, టిష్యూలు పర్సులో పెట్టుకుని బయల్దేరింది. ల్యాప్‌టాప్ ఆఫీసులో వదలకూడదన్న రూలుంటే బ్యాగు తీసుకెళ్లక తప్పదు. రెస్టారెంట్‌లోకి వెళ్లగానే కుర్చీ కింద పెట్టేయండి, దానికి ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక్కడే చాలామంది ఒక మెట్టు ఎక్కువ ఎక్కేస్తారు. జరీ చున్నీ, రాళ్ల కమ్మలు, మెరిసే పర్సు, మెరుపు చెప్పులు అన్నీ ఒకేసారి. అప్పుడది డిన్నర్‌లా ఉండదు, పెళ్లి రిసెప్షన్‌కి వెళ్తూ మధ్యలో ఆగినట్టుంటుంది. వీటిలో మెరిసేది ఒక్కటే ఉండాలి. చున్నీలో జరీ ఉంటే కమ్మలు మాట్‌గా ఉండాలి. బెనారస్ చున్నీని అయితే ఇంట్లోనే ఉంచండి. మంగళగిరి కాటన్‌లో సన్నటి జరీ అంచు, లేదా ఇక్కత్, ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. గలగలమనే గాజుల డజనూ వద్దు. క్లయింట్ మాట్లాడుతుంటే ప్లేటుకి తగిలి అవీ మాట్లాడతాయి. వేలాడే చేతులున్న కుర్తీ అయితే ముందే మడిచి పిన్ను పెట్టుకోండి, లేకపోతే మొదట తినేది అదే, మీరు కాదు.

బ్యాంకులోనో బడిలోనో పనిచేస్తూ చీర కట్టే వాళ్లకి ఇంకా తేలిక. పగలంతా పైటను మడతలు పెట్టి పిన్ను పెడతారు కదా, సాయంత్రం ఆ మడతలు విప్పి ఒకే పొరగా భుజం మీద వదిలితే అదే చీర వేరేగా కనిపిస్తుంది. ఇది జార్జెట్, క్రేప్ చీరలతో బాగా కుదురుతుంది. గంజి పెట్టిన కాటన్ చీరతో కుదరదు. పగటి మడతల గీతలు అలాగే ఉండిపోతాయి. దానికి పైట ముట్టుకోకుండా కమ్మలు మార్చి, కొప్పులో నాలుగు మల్లెలు పెట్టుకోవడమే మేలు.

అబ్బాయిలూ, మీకూ రెండు మాటలు. లేత నీలం చొక్కా మీద చెమట పట్టిన చోటు ముదురుగా కనిపిస్తుంది. తెలుపు, నేవీ మీద అంతగా తెలియదు. డిన్నర్ ఉందని ముందే తెలిస్తే ఆ రెండింట్లో ఒకటి వేసుకోండి. పైన ప్రింట్ లేని నెహ్రూ జాకెట్ ఒకటి తగిలిస్తే నలిగిన చొక్కా ముందు భాగమంతా కప్పుకుపోతుంది. జాకెట్ వేస్తే చొక్కా చేతులు మోచేతి దాకా మడవకండి. స్పోర్ట్స్ షూతో వచ్చిన రోజు డ్రాయర్‌లో ఓ జత బ్రౌన్ లోఫర్స్ ఉంటే చాలు.

ఇవన్నీ ప్రతి డిన్నర్‌కీ సరిపోవు. పెద్ద హోటల్లో వార్షికోత్సవం, అవార్డుల రాత్రి, ఇన్విటేషన్ మీదే ఏం వేసుకోవాలో రాసి ఉన్న కార్యక్రమం అయితే ఆఫీసు కుర్తీ ఎంత సింగారించినా తేలిపోతుంది. అర్థం కాకపోతే టీమ్‌లో సీనియర్ అక్కని అడిగేయండి, ‘మీరేం వేసుకుంటున్నారు?’ అని. ఆ ఒక్క ప్రశ్నతో సగం కంగారు తీరుతుంది.

డిన్నర్ అయ్యాక బైక్ ట్యాక్సీ ఎక్కేవాళ్లు చున్నీ తీసి, చుట్టి పర్సులోనో బ్యాగులోనో పెట్టేయండి. ఒక్క భుజం మీద వదిలిన చున్నీ వెనక చక్రంలో చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంటికెళ్లాక దాన్ని హ్యాంగర్‌కి ఆరబెట్టి, మర్నాడు మళ్లీ చుట్టి డ్రాయర్‌లో పెట్టండి. పిన్నీసులు లెక్కపెట్టుకోండి, ఎప్పుడూ ఒకటి తగ్గుతుంది.