కప్పుకు కుట్టు ఎక్కడ వేయాలి?

కంప్యూటర్‌లో తయారైన త్రీడీ కప్పుకు రంగు, పూలబొమ్మ, టీ మరక అన్నీ వచ్చేది ఒక చదునైన చిత్రం నుంచే. దాన్ని టెక్స్చర్ అంటారు. ఆ చిత్రంలోని ఏ చుక్క కప్పు మీద ఎక్కడ పడాలో తేల్చడానికి కప్పు ఉపరితలాన్ని కోసి, పరిచి, చిత్రం మీద సర్దుతారు. ఇదే యూవీ అన్‌వ్రాప్. కోసే గీతను సీమ్ అని, విడివడిన ముక్కను ఐలాండ్ అని పిలుస్తారు. కోతలు చాలకపోతే టెక్స్చర్ సాగిపోతుంది. మరీ ఎక్కువైతే అతుకులు బయటపడతాయి, చిన్న చిన్న ముక్కల మధ్య జాగా దండగవుతుంది.

సాగడమనేది అన్ని ఆకారాలకూ ఒకేలా ఉండదు. స్తంభంలాంటి గుండ్రని గోడను ఒక్క నిలువు కోత వేస్తే చక్కని దీర్ఘచతురస్రంగా పరచవచ్చు. బంతిని మాత్రం ఎన్ని కోతలు కోసినా ఎక్కడో ఒకచోట కాస్తయినా లాగక తప్పదు. జర్మన్ గణితవేత్త గాస్ 1827లో నిరూపించిన సిద్ధాంతం చెప్పేది ఇదే. అందుకే మనిషి ముఖంలాంటి మోడళ్లలో సాగుదలను పూర్తిగా తీసేయడం కుదరదు. దాన్ని జుట్టు కిందికో, చెవి వెనక్కో నెట్టడమే చేయగలిగింది.

కప్పు విషయానికే వస్తే, వ్యాసం 8 సెంటీమీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, పక్కన ఒక పిడి ఉందనుకుందాం. నిలువు కోత ఎక్కడో ఒకచోట పడాల్సిందే. దానికి సరైన చోటు పిడి వెనక గోడ. రవికె కుట్టే దర్జీ చంక కింద కుట్టు పెట్టినట్టే ఇదీ. బొమ్మ ఉండే ముందువైపు చెక్కుచెదరదు, అతుకు పిడి చాటున పడుతుంది. రెండో కోత అడుగుభాగం అంచు చుట్టూ, మూడోది పెదవి ఆనే అంచుకు కొంచెం లోపలగా వేయాలి. పిడి గోడను తాకే రెండుచోట్లా చుట్టూ కోసి, పిడి పొడవునా కప్పు వైపున్న లోపలి ముఖం మీద ఇంకో కోత వేస్తే, అది కూడా పొడవాటి పట్టీలా పరుచుకుంటుంది. కప్పు లోపలి అడుగుకు కూడా దాని అంచు వెంట ఒక కోత కావాలి.

బ్లెండర్‌లో అయితే అంచులను ఎంచుకుని Mark Seam అని, తర్వాత మొత్తం మోడల్‌ను ఎంచుకుని Unwrap అని చెబితే చాలు. ఫలితం సరిగ్గా ఉందో లేదో తేల్చేది నలుపు తెలుపు గళ్ల టెక్స్చర్. గళ్లు చతురస్రాలుగానే ఉంటే సాగలేదన్నమాట. నిలువు కోత మరచిపోతే గోడ మొత్తం గాజులాంటి వలయంగా పరుచుకుంటుంది. అప్పుడు కప్పు మీద గళ్లు ఒక అంచు దగ్గర కుదించుకుపోయి, మరో అంచు దగ్గర లాగినట్టు కనిపిస్తాయి. గళ్లు చతురస్రాలే అయినా ఒక ముక్కలో పెద్దవిగా, మరో ముక్కలో చిన్నవిగా ఉంటే అది వేరే లోపం: ముక్కలకు చిత్రంలో దక్కిన వాటా సమంగా లేదు. Average Islands Scale దాన్ని సరిచేస్తుంది.

ఇక సర్దడం. టెక్స్చర్ 2048 పిక్సెళ్ల చదరం. బయటి గోడ చుట్టుకొలత సుమారు 25 సెంటీమీటర్లు కాబట్టి సెంటీమీటరుకు 80 పిక్సెళ్ల చొప్పున ఇస్తే 2000 పిక్సెళ్ల వెడల్పు, 800 ఎత్తు వస్తుంది. లోపలి గోడ కాస్త చిన్నది, ఎత్తు 760. మిగిలేది 488 పిక్సెళ్ల పట్టీ. పిడి అందులో పడుతుంది గానీ, అదే లెక్కన బయటి అడుగు వృత్తానికే 640 కావాలి. ఎవరూ తిప్పి చూడని అడుగు కోసం బొమ్మ ఉన్న గోడను చిన్నది చేయడం తెలివైన పని కాదు. టీతో నిండి ఉండే లోపలి అడుగుదీ అదే సంగతి. రెండు అడుగులనూ 440కి కుదిస్తే అన్నీ ఇమిడిపోతాయి, మధ్యమధ్య 16 పిక్సెళ్ల ఖాళీ కూడా మిగులుతుంది. ఆ ఖాళీ దండగ కాదు. కప్పు దూరంగా కనిపించేటప్పుడు టెక్స్చర్‌ను చిన్నది చేసి వాడతారు, అప్పుడు పక్క ముక్క రంగు అంచులోకి పాకి సీమ్ వెంట సన్నటి గీత తేలుతుంది. ఈ ఖాళీలోకి అంచు రంగునే కాస్త పొడిగిస్తే ఆ గీత రాదు.

కప్పు అడుగు వైపు సన్నబడుతూ ఉంటే మాత్రం గోడ దీర్ఘచతురస్రంగా కాక విసనకర్రలా వంపుగా పరుచుకుంటుంది. సాగుదల ఉండదు, కానీ వంపు చుట్టూ జాగా పోతుంది, అడ్డగీతలు గీయడమూ కష్టమవుతుంది. పై చుట్టుకొలతకూ కింది చుట్టుకొలతకూ తేడా పదోవంతు లోపు ఉంటే వంపును బలవంతంగా నిటారు చేసేయడమే మేలు. ఆ కొద్దిపాటి సాగుదల పూలబొమ్మలో పట్టుబడదు. అక్షరాలో, సన్నని గళ్లో ఉన్న కప్పుకైతే వంపును అలాగే ఉంచి, పోయే జాగాను భరించాలి.