పౌతి ఖాతా అర్జీలో అక్కచెల్లెళ్ల పేర్లు వదిలేస్తే

కర్ణాటకలో యజమాని చనిపోయాక పహాణీలో వారసుల పేర్లు ఎక్కించడాన్ని పౌతి ఖాతా అంటారు. 1964 నాటి భూ రెవెన్యూ చట్టం 128వ సెక్షన్ ప్రకారం హక్కు వచ్చిన మూడు నెలల్లో వారసులు ఈ సంగతి తెలియజేయాలి. మన ఇళ్లలో ఇది ఏళ్ల తరబడి నానుతుంది. చివరికి పెద్దకొడుకు ఒక్కడే వెళ్లి అర్జీ పెడతాడు. తకరారు అక్కడే మొదలవుతుంది.

శ్రీనివాసపురం తాలూకాలో ఒక ఇల్లు అనుకుందాం. నాన్న సొంతంగా కొన్న భూమి 3 ఎకరాల 20 గుంటలు, అంటే 140 గుంటలు. వీలునామా లేదు. అమ్మ, ఇద్దరు కొడుకులు, పెళ్లయిన కూతురు ఉన్నారు. మూడో కొడుకు ముందే పోయాడు, అతని భార్యాబిడ్డలు ఉన్నారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇక్కడ ఐదు భాగాలు, ఒక్కొక్కటి 28 గుంటలు. పోయిన కొడుకు భాగం అతని భార్యాబిడ్డలది. నాయనమ్మ బతికి ఉంటే ఆమెకూ ఒక భాగం వస్తుంది, అప్పుడు ఆరు భాగాలవుతాయి. ఈ మాట చాలామందికి తెలియదు. తాతల నాటి ఆస్తి అయితే లెక్క వేరు, కానీ కూతురి హక్కు అక్కడా ఉంటుంది.

అందుకే అర్జీలో పంపకం జోలికి పోకండి. 'ఫలానా సర్వే నంబరు భూమి మా నాన్నగారిది. ఫలానా తేదీన కాలం చేశారు. వంశవృక్షంలో ఉన్న వారసులం మేమే. అందరి పేర్లూ జంటిగా ఎక్కించండి' అని రాస్తే చాలు. మరణ పత్రం, వంశవృక్షం, పహాణీ జతచేయండి. పహాణీలో 'ఫలానా బిన్ ఫలానా' అని ఉండి, ఆధార్‌లో మన ఇంటిపేరు చేరి ఉంటే, ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం పెట్టండి. లేకపోతే ఎవరూ అడ్డు చెప్పకున్నా ఫైలు ఆగిపోతుంది.

'చెల్లి నాకేమీ వద్దంది' అంటే? స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకుంటే చాలదు. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టర్ కావాలి. ముందు ఆమె పేరూ ఎక్కించి, తర్వాత హక్కు విడుదల పత్రమో విభాగ పత్రమో రాసుకోవడం నయం. ఆమె మనసు మార్చుకున్నా అర్జీ అబద్ధం కాదు.

నోటీసు వెళ్లాక ఎవరైనా తకరారు రాసిస్తే, అది వివాదాల రిజిస్టరుకు ఎక్కుతుంది, విచారణ జరుగుతుంది. అందరి పేర్లూ ఉన్న అర్జీ మీద అడ్డు చెప్పడానికి మిగిలేది తక్కువ. చిన్నాన్న వీలునామా తెచ్చి అది చెల్లదని మీరంటే మాత్రం, నిజానిజాలు తేల్చేది తహశీల్దారు కాదు, సివిల్ కోర్టు. ఉత్తర్వు నచ్చనివారు అది అందిన 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. పహాణీలో పేరు ఎక్కినంత మాత్రాన యాజమాన్య హక్కు పుట్టదు, పేరు లేనంత మాత్రాన చెల్లి భాగం పోదు.