ఓడ మీద మనోళ్లు, ఓడ పేరు ముందట పరాయి అక్షరాలు

TG 28 అని కనవడ్డదంటే ఆ బండి భద్రాద్రి కొత్తగూడెంల రిజిస్టరైందని చిన్న పిలగాడు గూడ చెప్తడు. సముద్రం మీద పోయే ఓడలకు, గాలిల మాట్లాడే రేడియో కేంద్రాలకు గూడ గిట్లాంటి నంబరే ఉంటది. దాన్ని కాల్ సైన్ అంటరు. మొదటి రెండు మూడు అక్షరాలు చూస్తే అది ఏ దేశం కింద నమోదైందో తెలిసిపోతది.

జెనీవాల ఉన్న ఐటీయూ, అంటే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం, ఈ అక్షరాలను దేశాలకు పంచింది. మన దేశానికి మూడు వరుసలు వచ్చినయి: ATA నుంచి AWZ దాకా, VTA నుంచి VWZ దాకా, 8TA నుంచి 8YZ దాకా. 1938ల మొదలైన మద్రాసు ఆకాశవాణిని VUM అన్నది అందుకే. ఇప్పుడు మన కొత్తగూడెం రేడియో పెడితే ఊరి పేరే వినవడ్తది గని ఈ అక్షరాలు వినవడయి. అమెరికాల మాత్రం స్టేషన్లు గంటకోసారి తమ కాల్ సైన్ చెప్పాలె. అది K తోనో, W తోనో మొదలైతది.

పంపకం సమానంగ జరగలే. వైర్‌లెస్ ముందుగాల ఎవల చేతికొచ్చిందో వాళ్లకు అక్షరానికి అక్షరమే దక్కింది. G, M బ్రిటన్‌వి. K, N, W అమెరికావి. ఒక పూర్తి అక్షరం కింద మూడక్షరాల ముందుమాటలు 676 అయితయి. మన మూడు వరుసలు కలిపినా 364 దాటయి.

అసలు ముచ్చట ఓడల కాడ ఉన్నది. మన దిక్కు పిలగాండ్లు ఏజెంట్లను పట్టుకొని మర్చంట్ నేవీ నౌకరీలకు పోతున్నరు. ఎక్కే ఓడ ఏ దేశపు చట్టం కింద ఉన్నదో అడిగేటోళ్లు తక్కువ.

2021 మార్చి 23న సూయజ్ కాలువల అడ్డం తిరిగిన ఎవర్ గివెన్‌నే చూడుండ్రి. ఓనరు జపాన్ కంపెనీ. కిరాయికి తీసుకొని నడిపింది తైవాన్ కంపెనీ. సిబ్బందిని, మరమ్మతులను చూసుకున్నది జర్మనీ కంపెనీ. ఓడ మీద ఉన్న 25 మంది మన దేశపోళ్లే. మరి కాల్ సైన్ ఏంది? H3RC. H3 అంటే పనామా. ఆ ఓడ ఎగరేసిన జెండా పనామాది, లోపల నడిచే చట్టం పనామాది, ప్రమాదం మీద జెండా దేశంగ దర్యాప్తు చేసింది గూడ పనామానే. మార్చి 29న ఓడ కదిలింది గని, నష్టపరిహారం పంచాయితీతోని ఈజిప్టు దాన్ని జులై 7 దాకా ఆపింది. అన్ని దినాలు సిబ్బందిల చానమంది ఓడ మీదనే ఉండిపోయిన్రు.

ఓనర్లు పరాయి జెండా ఎందుకు ఎత్తుతరంటే పన్ను తక్కువ, నిబంధనలు సులువు. పనామా, లైబీరియా, మార్షల్ దీవులు ఈ యాపారంల ముందున్నయి. తప్పుడు పని ఏం గాదు, చట్టం ఒప్పుకున్నదే. గని జీతం ఆగినా, ఓనరు ఓడను వదిలేసి పోయినా, మొదట జవాబు చెప్పాల్సింది ఆ జెండా దేశమే. అది ఎంత గట్టిగ నిలవడ్తదన్నదే మనోని బతుకు.

అందుకే సంతకం పెట్టే ముందు ఓడ పేరుతో పాటు మూడు నంబర్లు అడగాలె: కాల్ సైన్, తొమ్మిదంకెల ఎంఎంఎస్ఐ, ఏడంకెల ఐఎంఓ నంబరు. ఓడల జాడ చూపెట్టే యాప్‌లల్ల ఇవి కనవడ్తయి. ఎంఎంఎస్ఐ మొదటి మూడంకెలు గూడ దేశాన్నే చెప్తయి. మనది 419. ఎవర్ గివెన్‌ది 353136000. 353 అంటే పనామా, H3 గూడ పనామానే, లెక్క కుదిరింది. కాల్ సైన్ ఒక దేశం చెప్పి, ఎంఎంఎస్ఐ ఇంకో దేశం చెప్తే అక్కడ ఆగాలె. జెండా ఈ మధ్యనే మార్చి యాప్‌ల పాత వివరం ఉండొచ్చు, లేదా దొంగ రిజిస్ట్రేషన్ అయ్యుండొచ్చు. జెండా మారితే కాల్ సైన్, ఎంఎంఎస్ఐ రెండూ మారుతయి. ఐఎంఓ నంబరు మాత్రం ఓడను తుక్కు చేసేదాకా మారది. దాన్ని పట్టుకొని ఎతికితే పాత పేర్లు, పాత జెండాలు బయటవడ్తయి.

ఒక్కటి యాదుంచుకోవాలె. నంబర్ ప్లేటు బండి ఓనరు మంచోడో కాదో చెప్పనట్టే, కాల్ సైన్ గూడ జీతం టైముకు వస్తదో రాదో చెప్పది. ఓనరెవరు, పనిల వెట్టే కంపెనీకి డీజీ షిప్పింగ్ లైసెన్సు ఉన్నదా అన్నది వేరే చూసుకోవాలె. రేపు ఆపదొస్తే ఏ దేశం తలుపు కొట్టాలెనో మాత్రం ఆ రెండక్షరాలే చెప్తయి.